ఓవెన్ ఆగాక పేలే గుడ్డు

అందరికీ నమస్కారం.

పచ్చిగుడ్డును పెంకుతో సహా మైక్రోవేవ్‌లో పెడితే పేలుతుందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కనీసం ఎవరో ఒకరు చెప్పగా వినే ఉంటారు. అందుకే దాని గురించి ఈరోజు తక్కువ మాట్లాడతాను. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ముందే ఉడికించి, పెంకు ఒలిచి, ఫ్రిజ్‌లో పెట్టుకున్న గుడ్డు గురించి. దాన్ని చూసి ఎవరూ భయపడరు. పెంకు లేదు కదా, ఉడికిపోయింది కదా, ఇక పేలడానికి ఏముంది అనుకుంటాం. నేను ఆహార శాస్త్రం పాఠాలు చెప్తాను, అయినా మా ఇంట్లో ఒక సంఘటన జరిగేదాకా ఈ విషయాన్ని నేనూ లోతుగా ఆలోచించలేదు.

మా చెల్లెలు ఒక ఉదయం రెండు ఉడికించిన గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి, ఒలిచి, గిన్నెలో పెట్టి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం తిప్పింది. ఏమీ కాలేదు. చప్పుడు లేదు, చిందలేదు. బయటికి తీసి పళ్ళెంలో పెట్టుకుంది. వేలితో ముట్టి చూస్తే గోరువెచ్చగానే ఉందట. ఈలోపు ఫోన్ వస్తే కాసేపు మాట్లాడింది. తర్వాత కూర్చుని ఫోర్క్‌తో గుచ్చింది. ఒక్కసారిగా టపాకాయ పేలినట్టు చప్పుడు. సలసల కాగే పచ్చసొన చెంప మీదా, కంటి కిందా పడింది. అదృష్టం కొద్దీ రెప్ప మూసుకుంది. వెంటనే 20 నిమిషాలపాటు కుళాయి నీళ్ళ కింద మొహం పెట్టి, ఆ తర్వాత కంటి డాక్టర్‌కి చూపించుకుంది. కన్ను బాగానే ఉంది, చెంప మీద బొబ్బలు మానడానికి రెండు వారాలు పట్టింది.

సాయంత్రం నేను వెళ్ళినప్పుడు అది నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "అక్కా, ఓవెన్ ఆగి నిమిషం దాటింది. గుడ్డు ముట్టుకుంటే వేడిగా కూడా లేదు. అప్పుడెందుకు పేలింది?"

ఈరోజు ప్రసంగమంతా ఆ ప్రశ్నకి జవాబే.

ముందు పచ్చిగుడ్డు సంగతి త్వరగా చెప్పేస్తాను. మైక్రోవేవ్ తరంగాలు గుడ్డులోని నీటిని వేడి చేస్తాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్ల చోటు కావాలి. పెంకుకి వేలకొద్దీ సన్నని రంధ్రాలున్నా, అవి గాలి మెల్లగా లోపలికీ బయటికీ వెళ్ళడానికి సరిపోతాయి గానీ, సెకన్లలో పుట్టే ఆవిరికి సరిపోవు. పీడనం పెరుగుతుంది, పెంకు తట్టుకోలేదు, పగులుతుంది. ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. మూత బిగించిన సీసాలో నీళ్ళు మరిగించడం లాంటిదే.

మరి పెంకే లేని గుడ్డులో మూత ఎక్కడుంది? చూడాల్సింది పచ్చసొనని.

ఉడికిన పచ్చసొనని వేళ్ళతో నలిపి చూడండి. ముద్దగా కాకుండా రవ్వరవ్వగా విడిపోతుంది. ఉడికేటప్పుడు అందులోని ప్రొటీన్లు గడ్డకట్టి, ఒకదానికొకటి అతుక్కున్న చిన్నచిన్న గింజల్లా తయారవుతాయి. ఆ గింజల మధ్యా, గింజల లోపలా నీరు చిక్కుకుని ఉంటుంది. పచ్చసొన మనకి పొడిగా కనిపిస్తుంది గానీ, దాని బరువులో సుమారు సగం నీరే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు, ఆ తర్వాత ప్రొటీన్. ఈ పచ్చసొన చుట్టూ గట్టిపడిన తెల్లసొన ఉంటుంది. అది రబ్బరులా సాగుతుంది, కాస్త పీడనాన్ని ఆపుకోగలదు. అంటే పెంకు తీసేసినా గుడ్డుకి ఇంకో పెంకు మిగిలే ఉందన్నమాట.

ఇప్పుడు దీన్ని మైక్రోవేవ్‌లో పెట్టాం. ఇక్కడ చాలామందికి ఉన్న ఒక నమ్మకం గురించి చెప్పాలి. మైక్రోవేవ్ ఆహారాన్ని లోపలినుంచి బయటికి వండుతుందని అంటారు. సాధారణంగా అది తప్పు. తరంగాలు పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకి వెళ్ళేసరికి చాలావరకు బలహీనపడతాయి, అందుకే పెద్ద గిన్నెలో అన్నం పెడితే అంచులు కాలుతుంటాయి, నడుమ చల్లగా ఉంటుంది. కానీ గుడ్డు విషయంలో ఆ నమ్మకం దాదాపు నిజమవుతుంది. గుడ్డు చిన్నది, గుండ్రటిది. అన్ని వైపులనుంచీ వచ్చే తరంగాలు నడిమికి చేరేటంత దగ్గర దూరమే. పైగా వంపు తిరిగిన ఉపరితలం భూతద్దంలా పనిచేసి వాటిని లోపలికి వంచుతుంది. భూతద్దం కింద ఎండ ఒక చుక్క దగ్గర పోగైనట్టు శక్తి గుడ్డు నడుమ పోగవుతుంది. అక్కడున్నది పచ్చసొన. దానిలో నీరు తక్కువ, కొవ్వు ఎక్కువ కాబట్టి అంతే శక్తికి అది తెల్లసొన కంటే ఎక్కువ డిగ్రీలు వేడెక్కుతుంది. ఇంకోవైపు తెల్లసొన పైభాగం ఓవెన్‌లోని చల్లని గాలికి తగులుతూ, తడి ఆరుతూ వేడిని వదిలేస్తుంటుంది.

మా చెల్లెలి వేలికి గోరువెచ్చగా తగిలింది ఆ పైభాగమే. లోపల పచ్చసొన అప్పటికే నీరు మరిగే వేడిని దాటి ఉంది.

"100 డిగ్రీలు దాటితే నీరు మరగాలి కదా, ఎందుకు మరగలేదు?" అని మీకు అనిపించవచ్చు. మరగాలంటే నీటికి వేడి ఒక్కటే సరిపోదు. మొదటి బుడగ పుట్టడానికి ఒక చోటు కావాలి. గీతలు పడ్డ గిన్నె అడుగు, నీటిలో కరిగి ఉన్న గాలి, ఏదో ఒక గరుకుతనం ఆ చోటునిస్తాయి. పొయ్యి మీద గిన్నెలో ఇవన్నీ ఉంటాయి కాబట్టి 100 దగ్గర నీరు బుద్ధిగా మరుగుతుంది. పచ్చసొనలో చిక్కుకున్న నీటి తునకలు చాలా చిన్నవి, వాటి చుట్టూ ప్రొటీనూ కొవ్వూ పట్టి ఉంటాయి, గుడ్డును ముందే ఒకసారి ఉడికించాం కాబట్టి గాలి కూడా పెద్దగా మిగలదు. అలాంటి నీరు 105, 110 డిగ్రీలకి చేరినా మరగకుండా ద్రవంగానే ఉండిపోగలదు. దీన్నే సూపర్‌హీటింగ్ అంటారు. నున్నటి గాజు కప్పులో నీళ్ళు మైక్రోవేవ్‌లో ఎక్కువసేపు పెట్టి, చెంచా వేయగానే ఒక్కసారిగా పైకి పొంగడం కొందరు చూసే ఉంటారు. అదీ ఇదే.

అలా ఉన్న పచ్చసొనలోకి ఫోర్క్ దిగింది. లేదా పన్ను దిగింది. ఒక నీటి తునక చుట్టూ ఉన్న గోడ చీలింది, అక్కడ పీడనం తగ్గింది, ఆవిరి పుట్టింది. ఆ ఆవిరి పక్క గోడని చీల్చింది, పక్క తునక ఆవిరైంది. ఇలా క్షణంలో ఇది పచ్చసొన అంతటా పాకుతుంది.

ఎంత ఆవిరి పుడుతుందో లెక్కవేసి చూద్దాం. పెంకు తీసిన మామూలు గుడ్డులో పచ్చసొన సుమారు 18 గ్రాములు. అందులో నీరు 9 గ్రాములు అనుకుందాం. ఆ నీరు 110 డిగ్రీలకి చేరింది, అంటే మరిగే వేడి కంటే పది డిగ్రీలు ఎక్కువ. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌళ్ళు కావాలి కాబట్టి, ఆ పది డిగ్రీల్లో దాచుకున్న శక్తి దాదాపు 380 జౌళ్ళు. గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,260 జౌళ్ళు కావాలి. అంటే ఆ 380 జౌళ్ళతో గ్రాములో ఆరో వంతు నీరు మాత్రమే ఆవిరవుతుంది. నాలుగు చుక్కల కంటే ఎక్కువేం కాదు. కానీ ఆ కాస్త నీరూ ఆవిరైతే 280 మిల్లీలీటర్లు అవుతుంది. ఒక పెద్ద గ్లాసెడు ఆవిరి, పెద్ద రేగిపండంత ఉన్న పచ్చసొన లోపల, రెప్పపాటులో పుట్టింది. పచ్చసొన ముక్కలై ఎగరక ఏం చేస్తుంది? మిగిలిన నీరంతా 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఎగిరే ప్రతి ముక్కా కాల్చేదే. కొవ్వు ఉన్న ముద్ద చర్మానికి అతుక్కుని వేడిని వదలకుండా పట్టి ఉంచుతుంది. మరిగే నీళ్ళు చిందడం కంటే ఇది ఎక్కువ కాల్చడానికి కారణం అదే.

దీని మీద జరిగిన ఒక పరిశోధన గురించి చెప్తాను. అమెరికాలో ఒక రెస్టారెంట్‌లో మైక్రోవేవ్ చేసిన ఉడికిన గుడ్డు నోట్లో పేలి కాలిందనీ, వినికిడి కూడా దెబ్బతిన్నదనీ ఒక వినియోగదారుడు కోర్టుకి వెళ్ళాడు. ఆ కేసు కోసం ఆంథొనీ నాష్, లారెన్ వాన్ బ్లోన్ అనే ధ్వని నిపుణులు వంద దాకా గుడ్లతో ప్రయోగాలు చేసి, 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం సమావేశంలో వివరాలు చెప్పారు. ఉడికించి ఒలిచిన గుడ్లను నీళ్ళలో ఉంచి మైక్రోవేవ్ చేశారు, బయటికి తీసి మొనదేలిన థర్మామీటర్‌తో గుచ్చారు. పేలినప్పుడు అడుగు దూరంలో చప్పుడు 86 డెసిబెల్స్ నుంచి 133 దాకా వచ్చింది. వినికిడి పోయేంత చప్పుడు రావడం అరుదేనని వాళ్ళే చెప్పారు. నాకు చప్పుడు కంటే మిగతా రెండు సంగతులు ముఖ్యంగా తోచాయి. ఒకటి, గుడ్డు చుట్టూ ఉన్న నీటి కంటే పచ్చసొన ఎక్కువ వేడిగా ఉండటం. రెండోది, అన్ని గుడ్లూ ఒకేలా ప్రవర్తించకపోవడం. కొన్ని ఓవెన్‌లోనే పేలాయి, కొన్ని గుచ్చాక పేలాయి, చాలా గుడ్లు పేలనే లేదు. ఏది పేలుతుందో ముందుగా చెప్పలేకపోయారు.

"నేను పదేళ్ళుగా ఇలాగే వేడి చేసుకుంటున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు" అని ఎవరైనా అంటే ఈ రెండో సంగతిని గుర్తుచేసుకోండి. పేలని గుడ్డు పేలబోయే గుడ్డు గురించి ఏమీ చెప్పదు.

ఇక వేడి చేసే పద్ధతికి వద్దాం. ఉడికించిన గుడ్డు మొత్తంగా, కోయకుండా ఉంటే దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకండి. ఇందులో నేను మినహాయింపు ఇవ్వను. తక్కువ సేపు పెడితే చాలదా అంటే, ఎంత తక్కువో ఎవరూ చెప్పలేరు. 50 గ్రాముల గుడ్డును ఫ్రిజ్ చల్లదనం నుంచి మరిగే వేడికి తేవడానికి సుమారు 16 కిలోజౌళ్ళు చాలు. 800 వాట్ల ఓవెన్‌లో సగం శక్తి గుడ్డుకి అందినా అది 40 సెకన్ల పని. నడుమ భాగం అంతకంటే ముందే చేరుతుంది. మనం అలవాటుగా నొక్కే ఒక నిమిషం గుడ్డుకి చాలా ఎక్కువ.

దానికి బదులు వేడి నీళ్ళు వాడండి. గుడ్డు పూర్తిగా మునిగేటన్ని నీళ్ళు మరిగించి, పొయ్యి ఆపి, ఒలిచిన గుడ్డుని అందులో వేసి మూత పెట్టండి. పది నిమిషాల్లో తినడానికి హాయిగా ఉండేంత వెచ్చబడుతుంది. బయటి నీరే 100 దాటదు కాబట్టి లోపలి పచ్చసొన కూడా దాటే ప్రశ్నే లేదు. అసలు రక్షణ అదే. నీళ్ళు మాత్రం మైక్రోవేవ్‌లో కాచుకుంటే, అందులో ఒక చెక్క చెంచా వేసి పెట్టండి, నీరు పొంగకుండా ఉంటుంది. అంతేగానీ గుడ్డుని నీళ్ళలో వేసి, ఆ గిన్నెని మైక్రోవేవ్‌లో పెట్టడం వేరే సంగతి. ఇందాక చెప్పిన ప్రయోగంలో పేలిన గుడ్లన్నీ నీళ్ళలో మునిగి ఉన్నవే.

మైక్రోవేవ్‌లోనే చేయక తప్పదంటే గుడ్డుని నాలుగు ముక్కలు చేయండి. రెండు ముక్కలు చేసినా పచ్చసొన బయటపడుతుంది గానీ, అర్ధచంద్రాకారంలో లోపల ఇంకా మందంగా ఉంటుంది. నాలుగైతే పచ్చసొన పలచగా గాలికి తెరుచుకుంటుంది, తెల్లసొన గోడ ఉండదు. పచ్చసొన వైపు పైకి ఉండేలా పళ్ళెంలో విడివిడిగా పరిచి, మూతని కొంచెం సందు వదిలి కప్పి, పవర్ 50 శాతానికి తగ్గించి 15 సెకన్లు పెట్టండి. చాలకపోతే మళ్ళీ 15 సెకన్లు. అప్పుడు కూడా చిటపటలాడొచ్చు, ఒక ముక్క ఎగిరి మూతకి తగలొచ్చు. గ్లాసెడు ఆవిరి ఒక్కసారిగా పుట్టే పరిస్థితి మాత్రం ఉండదు.

పవర్ తగ్గించడం గురించి ఒక మాట. చాలా ఓవెన్లలో 50 శాతం అంటే తరంగాల బలం సగమవడం కాదు. కొన్ని సెకన్లు పూర్తి బలంతో వచ్చి, కొన్ని సెకన్లు ఆగిపోతాయి. మీరు చెవి పెట్టి వింటే ఆ హోరు మారడం తెలుస్తుంది. ఆగిన ఆ కాసేపట్లో బాగా వేడెక్కిన చోటునుంచి వేడి పక్కకి పాకుతుంది. గుడ్డుకి కావాల్సింది సరిగ్గా ఆ విరామమే.

పచ్చసొన పగలకుండా వేయించిన గుడ్డు, పెంకు పగలగొట్టి నేరుగా వేడి నీళ్ళలో వేసి ఉడికించిన గుడ్డు, వీటిలో పచ్చసొన ఇంకా మెత్తగా, చుట్టూ సన్నని పొరతో ఉంటుంది. ఆ పొరే ఇక్కడ మూత. వేడి చేయడానికి ముందు టూత్‌పిక్‌తో పచ్చసొనని నాలుగైదు చోట్ల, లోపలిదాకా గుచ్చండి. పొర చిల్లుపడితే ద్రవంగా ఉన్న పచ్చసొనలోంచి ఆవిరి బయటికి దారి చూసుకుంటుంది. గట్టిగా ఉడికిన గుడ్డుకి ఇదే చిట్కా పనిచేస్తుందని చాలామంది చెప్తుంటారు, నేను ఒప్పుకోను. అక్కడ నీరు వేల తునకలుగా విడిపోయి ఉంది. టూత్‌పిక్ ఒక దారి పొడవునా ఉన్న కొన్నింటినే తాకుతుంది, పక్కనున్నవి అలాగే ఉంటాయి. ఇక వేడి చేశాక గుచ్చి చూడటం అన్నిటికంటే ప్రమాదం. పేలుడుకి నిప్పు అంటించేది ఆ గుచ్చడమే.

గిలక్కొట్టిన గుడ్డు, ఆమ్లెట్, గుడ్డు ముక్కలు కలిపిన అన్నం లాంటివి వేడి చేయడానికి భయపడనక్కర్లేదు. గిలక్కొట్టినప్పుడే పచ్చసొన పొర పోయింది, ఆవిరిని పట్టి ఉంచే మందమైన గోడ ఏదీ లేదు. మధ్యలో ఒకసారి తీసి కలిపి, అంతటా ఆవిరి వచ్చేలా వేడి చేసుకోండి. మిగిలిపోయిన గుడ్డు వంటకాలు సూక్ష్మజీవుల భయం లేకుండా తినాలంటే నడుమ 74 డిగ్రీలకి చేరాలని అమెరికా ఆహార భద్రతా నియమాలు చెప్తాయి. 74 కీ 100 కీ మధ్య చాలా చోటుంది. సురక్షితంగా తినడానికి గుడ్డుని మరిగించాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

గ్రేవీలో మొత్తం గుడ్లు ఉంటే, వాటిని బయటికి తీసేయండి. గ్రేవీని ఒక్కదాన్నే బాగా వేడి చేసి, గుడ్లని సగానికి కోసి అందులో వేసి, మూత పెట్టి అయిదు నిమిషాలు వదిలేయండి. చల్లని గుడ్డు గ్రేవీ వేడిని తీసుకుంటుంది. ఈ పద్ధతిలో గుడ్డు రబ్బరులా గట్టిపడదు కూడా.

ఎవరైనా ఏమైనా అడుగుతారా?

సభలో ఒకరు: మేడమ్, పెంకుతో ఉన్న గుడ్డుని మైక్రోవేవ్‌లో ఉడికించే డబ్బాలు అమ్ముతున్నారు. అవి ఎలా పనిచేస్తాయి?

మంచి ప్రశ్న. అలాంటి డబ్బాని తెరిచి చూడండి, గుడ్లు పెట్టే చోట లోపల అల్యూమినియం పూత గానీ గిన్నె గానీ ఉంటుంది. లోహం తరంగాలని వెనక్కి కొట్టేస్తుంది, గుడ్డుకి అవి తగలవు. అడుగున పోసిన నీరు మాత్రమే వేడెక్కి ఆవిరై, ఆ ఆవిరిలో గుడ్లు ఉడుకుతాయి. అంటే మైక్రోవేవ్‌ని పొయ్యిలా వాడుకుంటున్నారు. తయారీదారు చెప్పినన్ని నీళ్ళు పోయాలి, ఆ లోహపు భాగం తీసేసి వాడకూడదు. లోహపు భాగం లేని ప్లాస్టిక్ డబ్బాలో పెంకు గుడ్డు పెట్టమంటే పెట్టకండి.

సభలో ఇంకొకరు: పొరపాటున ఇంట్లో పిల్లలు గుడ్డు పెట్టేశారనుకోండి. ఓవెన్ ఆగిపోయింది, గుడ్డు పేలకుండా లోపలే ఉంది. అప్పుడేం చేయాలి?

తలుపు తీయకండి, ప్లగ్ తీసేయండి, పిల్లల్ని అక్కడినుంచి పంపేయండి. ఒక గుడ్డు లోపలి వేడి గాలిలో తగ్గడానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది. నేనైతే 20 నిమిషాలు వదిలేస్తాను. ఆ తర్వాత తలుపు వెనక నిలబడి మెల్లగా తెరిచి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, గిన్నె మీద మూత వేసి, కదిలించకుండా తీసి సింక్‌లో పెట్టి, చన్నీళ్ళు నిండుగా పోసి ఇంకో పది నిమిషాలు ఉంచండి. చల్లబడిందో లేదో చూడటానికి గుచ్చకండి, కోయకండి. అలాగే చెత్తలో వేసేయండి.